పెదనాన్నగారి పన్నెండు గంటలు

మేడిపల్లిలో మా ఇంటి టైమాఫీసు మా పెదనాన్న. ఎవరి టికెట్టు బుక్కయినా ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాల్సిందే. కళ్లజోడు సవరించుకుని, టైము కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "లేటు చేయకండి" అని తీర్పిస్తారు. టైములో ఆయన్ని తప్పుపట్టలేం. తేదీ దగ్గరే వస్తుంది చిక్కంతా.

అందులో ఆయన తప్పు మాత్రం ఏముంది? నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసినన్నాళ్లూ, రాత్రి పదికి షిఫ్టు ఎక్కి పొద్దున్న ఆరుకి దిగితే హాజరు ఎక్కిన తేదీకే పడేది. పంచాంగం కూడా సూర్యోదయం దాకా వారాన్ని మార్చదు. రాత్రి రెండున్నరకి ముహూర్తమైతే శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు. అర్ధరాత్రే తేదీ తిప్పేసే రైల్వేవాళ్లకే తొందరెక్కువని ఆయన నమ్మకం.

ఆమధ్య విశాఖలో పెళ్లికి చర్లపల్లి నుంచి టికెట్టు తీశారు. దానిమీద 15వ తేదీ, శుక్రవారం, 00:20 అని ఉంది. పెదనాన్న శుక్రవారం పగలంతా సామాన్లు సర్ది, పులిహోర కట్టించి, రాత్రి పదకొండుకల్లా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. రైలు వెళ్లి అప్పటికి ఇరవై మూడు గంటలు కావస్తోంది. "గంటకు పైగా ముందే వచ్చాం కదయ్యా!" అని టీసీతో వాదించారు. గురువారం రాత్రి భోంచేసి బయల్దేరాల్సిన రైలది.

మధ్యాహ్నం బస్సులకి ఆయన దగ్గర ఇంకో లెక్క ఉంది. "ఒరేయ్, 11 పీఎం రాత్రయితే 12 పీఎం ఇంకాస్త రాత్రే కదా!" వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పన్నెండు గంటల గడియారంలో 12 చివరి అంకె కాదు, సున్నా కుర్చీలో కూర్చున్న మొదటి అంకె. 12:30 ఏఎం అయ్యాక 1 ఏఎం వస్తుంది, 12:30 పీఎం అయ్యాక 1 పీఎం వస్తుంది. అందుకే 12 పీఎం మిట్టమధ్యాహ్నం, 12 ఏఎం అర్ధరాత్రి. ఇరవై నాలుగు గంటల లెక్కలో ఈ తంటా లేదు: 12:30 పగలు, 00:30 రాత్రి. ఇదంతా చెబితే ఆయన, "సున్నా సున్నా అంటే టైమింకా ఖాయం కాలేదేమో అనుకున్నా" అన్నారు.

ఆ రాత్రి పులిహోర స్టేషన్లోని కూలీలకి పంచి, మర్నాడు మళ్లీ టికెట్టు తీయించి, పెళ్లి అయిపోయాక వెళ్లి అక్షింతలు వేసొచ్చారు. ఇప్పటికీ మా టికెట్లన్నీ ఆయన చేతికే వెళ్తాయి. ఆయనలా ముందే స్టేషన్‌కి తరిమేవాళ్లు మా ఇంట్లో ఇంకొకరు లేరు మరి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉంటే వాదనకి దిగకండి. టికెట్టు మీద గంటల చోట 00 గానీ 12 ఏఎం గానీ కనబడితే, పక్కనే శుభలేఖ భాషలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని రాసివ్వండి. మీరే ఎవరికైనా గడువు పెట్టాల్సి వస్తే, 12 జోలికి పోకుండా "గురువారం రాత్రి 11:59" అనండి.