ఇంటింటికీ గుడ్ మార్నింగ్

మామూలు కథలో తర్వాత ఏమవుతుందోనని వినేవాళ్లు కళ్లింత చేసుకోవాలి. నిద్రపుచ్చే కథలో మాత్రం ఏమీ కాకూడదు. పులి రాకూడదు, దొంగ పడకూడదు, రాకుమారి తప్పిపోకూడదు. జరిగిందే మళ్లీ జరుగుతూ, చెప్పేవాడి గొంతు మెట్టు మెట్టుగా దిగిపోవాలి.

అందుకే వేసవి సెలవులకి మనవరాలు వచ్చినప్పుడు నేను పిచ్చుకని రంగంలోకి దించాను. అనగనగా ఒక ఊళ్లో ఒక పిచ్చుక. తెల్లారగానే ఇంటింటి చూరు మీదా వాలి గుడ్ మార్నింగ్ చెబుతుంది. కరణంగారింటికి వెళ్లింది, ఆయన పందుంపుల్ల నములుతున్నాడు, గుడ్ మార్నింగ్ అంది. పక్కింటికి వెళ్లింది, వాళ్లమ్మాయి కల్లాపి చల్లుతోంది, గుడ్ మార్నింగ్ అంది. ఇంటికో చిన్న మార్పు చాలు. అది కూడా తిండి జోలికి పోకూడదు. ఓసారి మూడో ఇంట్లో పెసరట్టు వేయించాను. పిల్ల లేచి కూర్చుని తనకూ కావాలంది.

లెక్క ప్రకారం వీధి చివరికి వెళ్లేసరికి పిల్ల నిద్రపోవాలి. కానీ అపార్టుమెంటులో పెరిగిన పిల్ల. పిచ్చుకని దగ్గరగా చూడటం ఇక్కడికొచ్చాకే. మా వసారాలో గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం వెనక ఒక జంట గూడు పెట్టింది. పొద్దస్తమానం దాన్నే చూస్తూ కూర్చుని, రాత్రికి ప్రశ్నలతో పక్క ఎక్కేది.

"తాతయ్యా, మన పిచ్చుక పక్కింటికి వెళ్లట్లేదేం? ఇక్కడే కూర్చుని అరుస్తోంది."

పిల్ల చెప్పింది నిజం. పిచ్చుక ఊరంతా తిరిగే రకం కాదు. గూడు పెట్టాక మేత కోసం కూడా మహా అయితే కొన్ని వందల మీటర్లు వెళ్తుందేమో. పైగా తెల్లారి మన చెవులు చిల్లులు పడేలా అరిచేది మగ పిచ్చుక. గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది, గడ్డం గీసుకోవడం మానేసినవాడిలా. వాడు ముందు ఒక కన్నం చూసుకుంటాడు. పెంకుల సందో, పటం వెనకో, మీటరు పెట్టె పైనో. దాని ముందు కూర్చుని పొద్దున్నే మొదలెడతాడు: సొంత ఇల్లుంది, పిల్ల కావాలి. ఆడ పిచ్చుక అటు వచ్చిందా, రెక్కలు కిందికి వాల్చి, ఒళ్లు వణికిస్తూ, అరుపు వేగం పెంచి కన్నం చూపిస్తాడు. అంటే నా కథలో గుడ్ మార్నింగ్ అనుకున్నది పెళ్లి ప్రకటన. ఆరేళ్ల పిల్లకి ఇదెలా చెప్పను?

కథని కాస్త సవరించాను. ఒక్కో ఇంటికి ఒక్కో పిచ్చుకని పోస్టు చేశాను. కరణంగారింటి పిచ్చుక అరిస్తే పక్కింటిది అందుకుంటుంది, దాన్ని విని ఆ పైది. అలా గుడ్ మార్నింగ్ వీధి చివరిదాకా చేరుతుంది. నాకూ తేలికే, పిచ్చుకకీ తేలికే.

"మరి డాబా ఇళ్లకో?"

ఇది అసలైన దెబ్బ. మా ఊళ్లో సగం పెంకుటిళ్లు పోయి డాబాలొచ్చాయి. నున్నగా ప్లాస్టరింగు చేసిన గోడలో పిచ్చుక దూరే సందు ఎక్కడుంటుంది? గింజలు ఎక్కడైనా ఏరుకుంటుంది గానీ, గూట్లో పిల్లలకి మొదటి రోజుల్లో పురుగులే పెట్టాలి. మట్టి నేల, చెట్టూ చేమా ఉంటేనే పురుగులు. పెరడంతా సిమెంటు చేయించి, పిచ్చుకలు రావట్లేదని వాపోతే అవి మాత్రం ఏం చేస్తాయి? కథలో డాబా వాళ్లకి అలారం ఏర్పాటు చేశాను. వాళ్లు పొద్దెక్కేదాకా లేవరనీ, వాళ్లకి గుడ్ మార్నింగ్ దండగనీ సర్దిచెప్పాను.

పిల్ల ఒప్పుకోలేదు. మర్నాడు గుడిలో పిచ్చుకల కోసం వేలాడదీసిన వరికంకుల కుచ్చు చూసి, అలాంటివి డాబా వాళ్లకి తలా ఒకటి పంచమంది. కుచ్చు తిండికే గానీ గూటికి పనికిరాదని చెప్పాను. గూటికోసం ఒక అట్టపెట్టెకి పిచ్చుక దూరేంత కన్నం పెట్టి, పిల్లి అందుకోని ఎత్తున ఎండ తగలని గోడకి కట్టాలన్నాను. అంతే, ఆ రాత్రి కథ ఆగి, పదింటికి అట్టపెట్టె, కత్తెర, దారం బయటికొచ్చాయి. నిద్ర కథలో ఏమీ కాకూడదన్న సూత్రం ఏ గంగలో కలిసిందో!

పెట్టె కట్టడం పొద్దున చూద్దామని ఎలాగో పడుకోబెట్టి, చెప్పక తప్పదని సంగతంతా విప్పాను. అది పలకరింపు కాదమ్మా, పెళ్లికూతురి కోసం పిలుపు. జత కుదిరాక అంతగా అరవదు.

పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే పెళ్లయ్యాక ఎవ్వరికీ గుడ్ మార్నింగ్ చెప్పదా?"

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"చెప్పదమ్మా. కావాలంటే మీ తాతయ్యనే అడుగు."