మార్కులు పోగొట్టుకునే మార్గం: హారం వైపు చూడకండి

బ్యాంకు పరీక్షలో క్యాపిటల్ అడిక్వసీ ప్రశ్న కనబడగానే చేయాల్సిన మొదటి పని, పట్టికలో రిస్క్ వెయిట్ల వరుసను వేలితో మూసెయ్యడం. ఆ శాతాలు పట్టిక నిండుగా ఉండాలని వేసినవే. మూలధనాన్ని ఆస్తులతో భాగించేస్తే పని అయిపోతుంది.

ఓ బ్యాంకు దగ్గర నగదు, ప్రభుత్వ బాండ్లు కలిపి 1,000 కోట్లు, ఇళ్ల రుణాలు 800 కోట్లు, కంపెనీలకిచ్చిన అప్పులు 800 కోట్లు, పర్సనల్ లోన్లు 400 కోట్లు ఉన్నాయనుకోండి. వెయిట్లు వరుసగా 0, 50, 100, 125 శాతమని ప్రశ్నలోనే ఇచ్చారు. టైర్-1 మూలధనం 136 కోట్లు, టైర్-2 మూలధనం 34 కోట్లు. మీరు 170ని 3,000తో భాగించండి. 5.67 శాతం వస్తుంది. ఆప్షన్లలో ఆ అంకె ఉంటుంది, కంగారు పడకండి. పేపరు తయారుచేసినాయన మిమ్మల్ని తలుచుకునే పెట్టాడు.

పక్క సీటులో ఓ చాదస్తపు అమ్మాయి మాత్రం ఒక్కో ఆస్తినీ దాని వెయిట్‌తో గుణిస్తూ కూర్చుంటుంది. బాండ్లకు సున్నా, ఇళ్ల రుణాలకు 400, కంపెనీలకు 800, పర్సనల్ లోన్లకు 500, వెరసి 1,700 కోట్లు. 170ని దీంతో భాగించి 10 శాతమని రాస్తుంది. ఆ చివరి 500 దగ్గర మీరు పట్టుబట్టాలి. ఇచ్చిన అప్పే 400 కోట్లయితే 500 ఎలా అవుతుంది? అచ్చుతప్పే అయ్యుంటుందని వెయిట్‌ను 100కు దించెయ్యండి. తాకట్టు లేని అప్పులు మరీ వేగంగా పెరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఆ వెయిట్‌ను 100 నుంచి 125కు పెంచిన సంగతి మనకెందుకు?

కనీస పరిమితి అడిగితే కళ్లు మూసుకుని 8 టిక్కు పెట్టండి. బాసెల్ వాళ్లు చెప్పింది అదే. మన వాణిజ్య బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 9 పెట్టింది. పైన 2.5 శాతం కన్జర్వేషన్ బఫర్ కలిపితే 11.5 అవుతుంది. అందుకే పైన 10 శాతం తెచ్చుకున్న బ్యాంకు 9 గీత దాటింది గానీ బఫర్‌ను పూర్తిగా నింపుకోలేదు, డివిడెండు పంచుకోవడానికి ఆంక్షలు తగులుతాయి. ప్రశ్నలో 'బఫర్‌తో కలిపి' అన్న మాట ఎక్కడైనా ఉంటే దాన్ని దాటేసి చదవడం అలవాటు చేసుకోండి.

ఇక స్థూల ఎన్‌పీఏ. ఇక్కడ సరుకు ఎక్కువ. ఒకాయన పది లక్షల లోను బాకీ ఉండగా, ఇరవై వేల చొప్పున నాలుగు కిస్తీలు ఎగ్గొట్టాడు. 90 రోజులు దాటింది. మీరు 80 వేలే మొండి బకాయిగా రాసుకోండి. మిగతా కిస్తీలకు ఇంకా గడువే రాలేదని ధర్మంగా వాదించవచ్చు. బ్యాంకు మాత్రం ఆ పది లక్షలూ ఎన్‌పీఏ పద్దులోనే వేస్తుంది.

మరో బ్యాంకు తీసుకోండి. మొత్తం అప్పులు 2,000 కోట్లు, అందులో ఎన్‌పీఏలు 100 కోట్లు, వాటికి చేసిన ప్రొవిజన్లు 60 కోట్లు. స్థూల నిష్పత్తి 5 శాతం. దీన్ని పాడుచేయాలంటే హారంలో అప్పుల బదులు మొత్తం ఆస్తులు వెయ్యండి. నికర నిష్పత్తికైతే పైన 60 తీసేసి 40 రాసి, కింద 2,000ను ముట్టుకోకండి. 2 శాతం వస్తుంది, గుండ్రంగా ముచ్చటగా ఉంటుంది. కింద కూడా 60 తీసి 1,940తో భాగిస్తే 2.06 వస్తుంది. చూడ్డానికే బాగోదు.

అసలు పరీక్ష రైటాఫ్ దగ్గర. పూర్తిగా ప్రొవిజన్ చేసిన 50 కోట్ల మొండి బకాయిని బ్యాంకు పద్దుల నుంచి తీసేసిందని ప్రశ్న. రైటాఫ్ అంటే రుణమాఫీ అనుకుని, అప్పు తీసుకున్నవాడు ఒడ్డున పడ్డాడని సంతోషించండి. నిజానికి అతను బాకీ ఉన్నట్టే, వసూలు ప్రయత్నం ఆగదు. తర్వాత స్థూల నిష్పత్తి చూడండి: 50ని 1,950తో భాగిస్తే 2.56 శాతం. పైసా వసూలు కాకుండానే దాదాపు సగానికి దిగింది. ఇది బ్యాంకు ఆరోగ్యానికి గుర్తని విశ్లేషణ రాయండి, వివరణాత్మక పేపరులో బాగా పోతుంది. నికర నిష్పత్తిని మాత్రం మళ్లీ కట్టకండి. మిగిలిన ఎన్‌పీఏ 50లోంచి మిగిలిన ప్రొవిజన్ 10 తీస్తే 40, అప్పులు 1,950లోంచి 10 తీస్తే 1,940. మళ్లీ అదే 2.06. లాభానికి దెబ్బ ప్రొవిజన్ చేసిన రోజే తగిలింది కాబట్టి ఈ రోజు మూలధనమూ కదలదు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించండి. తప్పుకు పావు మార్కు కోత వేసే పరీక్షలో ఒక్క ప్రశ్నకు మార్కుంబావు తేడా గ్యారంటీ.