కాపురం ఎక్కడో ఎంబసీ అక్కడ

షార్లెట్ తెలుగువాళ్లకు పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందంటే భూగోళం మళ్లీ చదువుకునే యోగం పట్టినట్టే. మా ఇల్లు నార్త్ కరోలినాలో. మా తోడల్లుడి ఇల్లు ఫోర్ట్ మిల్‌లో, అంటే రాష్ట్రం దాటి సౌత్ కరోలినాలో. వెళ్లేది ఒకే గుడికి, గోంగూర కొనేది ఒకే కొట్లో. పాస్‌పోర్టు దగ్గర మాత్రం మాది వాషింగ్టన్ ఎంబసీ పరిధి, వాళ్లది అట్లాంటా కాన్సులేట్ పరిధి. అట్లాంటా మాకూ దగ్గరే, కారులో నాలుగు గంటలు. అయినా లాభం లేదు. దూరం ఎవరూ చూడరు, అడ్రసు రుజువు చూస్తారు.

గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పరిధి అనగానే ఆయన కళ్లు మెరిశాయి. “ఆఫీసు ఎక్కడుందో నేను చూడాలి అల్లుడుగారూ” అన్నారు. వాషింగ్టన్ చూపించడానికి ఎలాగూ తీసుకెళ్తున్నాను, సరేనన్నాను.

మసాచుసెట్స్ అవెన్యూలో 2107 నంబరు మన ఎంబసీ. ఎదురుగా గాంధీగారి విగ్రహం. మామగారు దణ్ణం పెట్టుకుని గేటు వైపు కదిలారు. “ఇక్కడ రాయబారిగారు ఉంటారు మామయ్యగారూ. పాస్‌పోర్టులూ వీసాలూ చూసే కాన్సులర్ విభాగం 2536లో” అన్నాను. వీధీ అదే, పిన్‌కోడూ అదే. మ్యాపులో ఒట్టి “ఇండియన్ ఎంబసీ” అని కొట్టేవాళ్లకు ఇక్కడే నడక రాసిపెట్టి ఉంటుంది. 21లో మొదలయ్యే నంబరంటే 21వ వీధి దాటాక అని, 25 అంటే 25వ వీధి తర్వాత అని ఆ ఊరి లెక్క. జపాన్ ఎంబసీ కనిపిస్తే వచ్చేసినట్టే.

“అయితే దరఖాస్తు ఇక్కడిస్తావన్నమాట.”

“ఇక్కడా కాదండీ.”

మామూలు రెన్యూవల్‌కు ముందు ప్రభుత్వ పాస్‌పోర్టు పోర్టల్‌లో ఫారం నింపాలి. అందులో వాషింగ్టనా అట్లాంటానా అని ఎంచుకునే గడి ఒకటుంది. అది తప్పితే ఫారం మళ్లీ మొదటికే. తర్వాత ఆ ప్రింటు, పాత పాస్‌పోర్టు, ఫొటోలు, అడ్రసు రుజువు పట్టుకుని దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీకి వెళ్లాలి, లేదా పోస్టులో పంపాలి. ఆ ఏజెన్సీ అడ్రసు వేరే.

“మరి ఈ రెండు భవనాలూ మనం ఎందుకు చూసినట్టు?”

“మీరే చూడాలన్నారు.”

ఇంటికొచ్చేసరికి తోడల్లుడు కొత్త సమస్యతో సిద్ధం. పాస్‌పోర్టు ఫారం అట్లాంటాకు నింపేశాడు. ఈలోగా షార్లెట్‌లో కొన్న ఇల్లు తయారైంది. ఇప్పుడు లైసెన్సేమో సౌత్, కరెంటు బిల్లేమో నార్త్. మామగారు పంచాంగం అందుకున్నారు. పేజీలు మాత్రం తిప్పలేదు.

“పాస్‌పోర్టు చేతికి రానీ నాయనా. అప్పటిదాకా గృహప్రవేశానికి ముహూర్తాల్లేవు.”