వాళ్ల పద్నాలుగు నిమిషాలు, మన ఒక్క నిమిషం

పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన విమానం ఆలస్యంగా వచ్చినట్టు కాదు. ఇది నా మాట కాదు, సాక్షాత్తూ లెక్కల మాట. పావుగంట దాటనంత వరకు విమానం ‘ఆన్ టైమ్’ ఖాతాలోనే పడుతుంది. మరి మీరు కౌంటరు మూసేశాక ఒక్క నిమిషానికి చేరితే? మీ పేరు ‘నో షో’. పన్నులు, విమానాశ్రయ రుసుములు పోను టికెట్ డబ్బు గోవిందా! వాళ్ల గడియారం రబ్బరు, మనది ఉక్కు.

ఇప్పుడు ఒక చవక బేరం చూద్దాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి అమృత్‌సర్. ఢిల్లీలో రాత్రి 8:20కి దిగుతారు, 9:30కి రెండో విమానం. మధ్యలో డెబ్బై నిమిషాలు. టికెట్లమ్మే సైటు దీన్ని నెత్తిన పెట్టుకుని చూపిస్తుంది. మరి లెక్క వేద్దామా? మొదటి విమానం పద్నాలుగు నిమిషాలు ఆలస్యమైంది, అంటే ‘సమయానికే’ వచ్చింది. టైము 8:34. రెండో విమానం గేటు 25 నిమిషాల ముందే మూస్తారు, అంటే 9:05కి. చేతిలో మిగిలింది 31 నిమిషాలు. అందులోనే వెనక వరుస నుంచి బయటపడాలి, బస్సు కోసం నిలబడాలి, మళ్లీ సెక్యూరిటీ క్యూలో బెల్టు విప్పాలి. డెబ్బై అని అమ్మిన సరుకు తూకం వేస్తే సగానికి దిగిందా, లేదా?

ఇది రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నప్పటి ముచ్చట. విడివిడిగా కొన్నారా, అసలు తమాషా అప్పుడు చూడాలి. బ్యాగు బెల్టు మీద నుంచి తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేయాలి. ఆ కౌంటరు గంట ముందే, అంటే 8:30కే మూతపడుతుంది. అంటే మీ విమానం ‘ఆన్ టైమ్’ కిరీటం పెట్టుకుని 8:34కి వచ్చేసరికి అక్కడ మీ ఆట ముగిసి నాలుగు నిమిషాలైంది! రెండో విమానం ఇంకో టెర్మినల్ నుంచి అయితే చెప్పక్కర్లేదు. ఢిల్లీలో టీ1కీ టీ3కీ మధ్య దూరం కిలోమీటర్లలో ఉంటుంది. నష్టం ఎవరిదని అడిగితే మొదటి సంస్థ ‘మేం సమయానికే దించాం’ అంటుంది, రెండోది ‘మీరే రాలేదు’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు. మీరు మాత్రం కుర్చీలో పడుకుంటారు.

పోనీ, ఎవరు నమ్మకస్తులో ముందే చూసుకుందామా? డీజీసీఏ ప్రతి నెలా ఒక పట్టిక విడుదల చేస్తుంది. ఫలానా సంస్థ పెద్ద విమానాశ్రయాల్లో ఇంత శాతం సమయపాలన పాటించిందని. బాగుంది. కానీ మీరెక్కేది సంస్థను కాదు కదా, సాయంత్రం ఆరింటి విమానాన్ని! పొద్దున్న మొదటి విమానం ఠంచనుగా కదులుతుంది. అదే విమానం నాలుగు ఊళ్లు తిరిగి, ప్రతి ఊళ్లో కాస్త ఆలస్యం మూటగట్టుకుని సాయంత్రానికి మీ దగ్గరకొస్తుంది. రెండూ కలిపి సగటు తీస్తే శాతం ముద్దుగానే కనిపిస్తుంది. సగటు విమానమెక్కి అమృత్‌సర్ వెళ్లినవాడెవడైనా ఉన్నాడా?

ఆ పట్టికల గర్వం 2025 డిసెంబరులో ఎలా కూలిందో చూశాం. సిబ్బంది విశ్రాంతి నిబంధనలు వస్తున్నాయని 2024 జనవరి నుంచీ తెలుసు. అయినా సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. డిసెంబరు 4న ఆరు పెద్ద విమానాశ్రయాల్లో ఇండిగో సమయపాలన 8.5 శాతం. సమయపాలనే మా గొప్ప అని చాటుకున్న సంస్థ!

కాబట్టి సంస్థ పేరును కాదు, విమానం నంబరును నిలదీయండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట ఆ నంబరు కొడితే గడచిన వారం అది ఏ రోజు ఎన్నింటికి దిగిందో వరసగా కనిపిస్తుంది. బయల్దేరిన టైము చూసి బెంబేలెత్తకండి, షెడ్యూలులో ముందే దాచుకున్న నిమిషాలు కొంత ఆలస్యాన్ని మింగేస్తాయి. దిగిన టైమే ముఖ్యం. ఏడింట మూడు సార్లు 8:45 దాటిందా? ఆ బేరం వదిలేయండి. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచుకు గత వారం చరిత్ర కూడా హామీ ఇవ్వదు. ఇంకోటి చూడండి: 9:30ది ఆ రాత్రికి చివరి విమానమా? అయితే తప్పిపోతే తెల్లారాకే.

అమెరికాలో పెద్ద విమాన సంస్థలు ఒక్కో విమానం కిందటి నెల ఎంత శాతం సమయానికి చేరిందో తమ వెబ్‌సైట్లో చూపించి తీరాలి. మన సైట్లు? కిటికీ సీటు ధర చెబుతాయి, సాండ్‌విచ్ ధర చెబుతాయి, ‘త్వరపడండి, రెండే సీట్లు’ అని అదరగొడతాయి. ఈ ఒక్క అంకె వేయడానికి మాత్రం తెర మీద చోటు చాలదట పాపం!