ఏమీ అడగకుండా ఉద్యోగంలో చేరే ఉపాయాలు

ఖమ్మం ఐటీ హబ్‌లో కూర్చునో, భద్రాచలంలో ఇంటి మేడగది నుంచి వీడియోలోనో ఇంటర్వ్యూ ఇవ్వబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా సలహాలు ఇవి. చివర్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు “మీరేమైనా అడుగుతారా?” అంటారు. “ఏం లేదు సార్, అంతా క్లియర్” అనండి. అడగందే అమ్మయినా అన్నం పెట్టదన్న సామెత వంటింటి వరకే.

మరీ మౌనంగా ఉంటే బాగుండదనిపిస్తే, జవాబు ముందే తెలిసిన ప్రశ్న వేయండి. “మీ దగ్గర కోడ్ రివ్యూ ఉంటుందా?” అనేది శ్రేష్ఠం. లేదని ఇంటర్వ్యూలో ఒప్పుకునేవాళ్లు ఎవరుంటారు? తలూపి ముందుకు పోండి. “పోయిన వారం మీరు మెర్జ్ చేసిన మార్పు ఒకటి చెప్పండి. అది రివ్యూ కోసం ఎంతసేపు ఆగింది, ఎవరు చూశారు, ఏం మార్చమన్నారు?” అని మాత్రం అడగకండి. వాళ్లు జరిగింది గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. రెండు వేల లైన్ల పుల్ రిక్వెస్ట్ మీద మూడు నిమిషాల్లో LGTM అని రాసి వదిలేశారని తేలవచ్చు. టీమ్ మొత్తానికి రివ్యూ చేసే పెద్దాయన ఒక్కడేననీ, ఆయన ఊరెళ్తే వారమంతా ఎవరి కోడూ కదలదనీ తేలవచ్చు. చేరకముందే ఇవన్నీ తెలుసుకుని ఏం చేస్తారు?

ఇక ఆన్-కాల్. “అప్పుడప్పుడూ ఫోన్ వస్తుంది, పెద్దగా ఏం ఉండదు” అనగానే సంతోషించండి. వంతులు తీసుకునేవాళ్లు ఎంతమందని అడిగారో, లెక్క వచ్చి మీద పడుతుంది. నలుగురు వారానికొకరు చొప్పున తిరిగితే ఏడాదిలో 13 వారాలు ఫోన్ మీ దిండు పక్కనే. వెనక సెకండరీగా కూడా ఒకరుండాలంటే 26. అందుకే 2016లో వచ్చిన గూగుల్ ఎస్ఆర్ఈ పుస్తకం, ఒకే చోట ఉండే టీమ్‌లో ప్రైమరీకీ సెకండరీకీ కలిపి వంతులు తిప్పాలంటే కనీసం 8 మంది ఉండాలంది. ఇలాంటి పుస్తకాలు చదివి ఇంటర్వ్యూకు పోకండి.

భద్రాచలం నుంచి పనిచేయబోయేవాళ్లు గోదావరి సంగతి అసలు ఎత్తొద్దు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. హైదరాబాద్ మేనేజర్‌కు తెలియకపోతే ఆయన మనశ్శాంతి ఎందుకు చెడగొట్టాలి? 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రాత్రి మీ వంతు పడిందనుకుందాం. రెండు గంటలకు అలర్ట్ వచ్చింది. ఐదు నిమిషాల్లో అందుకోవాలన్నది నియమం. కరెంటు లేదు, ఇన్వర్టర్ దిగిపోయింది, సిగ్నల్ కూడా పోయింది. ఒక టీమ్‌లో ఐదు నిమిషాలు దాటగానే ఆ అలర్ట్ దానంతటదే సెకండరీకి, అక్కడా ఎవరూ తీయకపోతే మేనేజర్‌కు పోతుంది. అసలు రెండో హెచ్చరిక నాడే మీ వంతు ఇంకొకరు తీసుకుని ఉంటారు. ఇంకో టీమ్‌లో పొద్దున పది గంటలకు “ఫోనెందుకు ఎత్తలేదు?” అని మీటింగ్ పెడతారు. మీరు చేరేది ఏ టీమో ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది: “ఆన్-కాల్‌లో ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి పోతుంది? చివరిసారి అలా అయినప్పుడు ఏం జరిగింది?” అడగొద్దు. జులై ఎలాగూ వస్తుంది.

పోయిన వారం ఎన్ని అలర్టులొచ్చాయి, వాటిలో నిజంగా లేచి పనిచేయాల్సి వచ్చినవి ఎన్ని అన్న ప్రశ్న కూడా వద్దు. రాత్రంతా ఊరికే మోగే టీమ్‌లలో అసలు ప్రమాదం వచ్చిన రోజున కూడా ఎవరూ లేవరు. అది వాళ్ల గుట్టు.

రిలీజ్ గురించి “మేం ఎజైల్” అన్నారంటే అంతకన్నా ఏం కావాలి? “చివరిసారి రోల్‌బ్యాక్ ఎప్పుడు చేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరి అనుమతి కావాలి?” అంటే గొడవే. అర్ధరాత్రి వేళ, సాయంత్రం పంపిన రిలీజ్ వల్లే సర్వర్ పడిందని మీకు తెలిసినా, వెనక్కి తీసే అధికారం నిద్రపోతున్న ఇంకొకరి చేతిలో ఉందని తెలుస్తుంది. “మాకెప్పుడూ రోల్‌బ్యాక్ అవసరం రాలేదు” అంటే మెచ్చుకోండి. రిలీజే ఆరునెలలకొకటా, లేక డేటాబేస్‌లో కాలమ్ తీసేశాక పాత కోడ్ ఇక నడవదు కాబట్టి వెనక్కి పోయే దారే లేదా అని ఆరా తీయకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకే ప్రశ్న ఇద్దర్ని అడగకండి. మేనేజర్ “నెలకొకటి” అన్న అలర్ట్, తర్వాతి రౌండ్‌లో వచ్చిన ఇంజనీర్ నోట “నిన్న రాత్రే రెండు” అవుతుంది. అప్పుడు మీరు ఆఫర్ వద్దనుకుంటే, ఆ ఇంజనీర్ వంతులు తగ్గవు. ఆయన ఉసురు నాకు తగులుతుంది.