ఇచ్చేవాడికి లెక్క చెప్పాలిరా అబ్బాయ్

మా రోజుల్లో హరికథ సగంలో ఉండగా హారతి పళ్ళెం జనంలోకి వచ్చేది. ఎవరెంత వేశారో దాసుగారు మైకులో చదివేవాడు. రెండు రూపాయలు వేసినవాడికి కూడా వంశాభివృద్ధి దాకా దీవెనలు. పళ్ళెం దగ్గరకొచ్చేసరికి నిద్ర నటించేవాళ్లూ ఉండేవారు. మా బాబాయి ఆ విద్యలో ఆరితేరినవాడు. అయితేనేం, ఇచ్చిందెవరో, ఎంతిచ్చారో ఊరంతటికీ తెలిసేది. అందులో హార్మోనియం ఆయనకు ఎంత దక్కేదో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి వదిలెయ్యండి, నా వాదానికి అడ్డొస్తుంది.

మా మనవడు పల్లెల్లో మిగిలిన పద్యనాటకం వాళ్లను వెతికి పట్టుకుని, పాడించి యూట్యూబ్‌లో పెడతాడు. ప్రకటనల డబ్బు బస్సు ఛార్జీలకు చాలదట. అందుకని జాయిన్ బటన్ పెట్టాడు. చూసేవాడు నెలనెలా కొంత కడితే, పన్నులు పోగా వందకి 30 యూట్యూబ్ ఉంచుకుని 70 వీడికిస్తుంది. మా ఊళ్లో మైకు సెట్టువాడు కూడా ఇంత లాగలేదురా అన్నాను. దాంతో వీడియో చివర యూపీఐ క్యూఆర్ కోడ్ ఒకటి అతికించాడు. అక్కడ మధ్యలో కోత లేదు, వంద పంపితే వందా ఖాతాలో పడుతుంది.

పడుతుంది సరే, చెప్పిన తీరు వినండి: "ఛానెల్ బతకాలంటే సపోర్ట్ చెయ్యండి ఫ్రెండ్స్!" ఎందుకు, ఎవరికి, ఇస్తే ఏమొస్తుంది? ఒక్క ముక్క లేదు. పైగా ఆ ఖాతా వాళ్లమ్మది. స్కాన్ చేసినవాళ్లకు ఎవరో ఆవిడ పేరు కనబడేసరికి, "ఇది మోసమా?" అని అడిగారు. అడగరూ మరి! ఈలోగా ఇంకెవడో ఆ వీడియో దించుకుని, తన కోడ్ అతికించి మళ్లీ పెట్టాడు. పళ్ళెం ఎత్తుకుపోయే దొంగ మా కాలంలోనూ ఉండేవాడేమో గానీ, వాడు కనీసం పరిగెత్తాల్సి వచ్చేది.

అప్పుడు కూర్చోబెట్టాను. ముందు కోడ్ వాడి సొంత ఖాతాకి మార్పించాను. ఫోన్ నంబరుతో ఉండే ఐడీ వద్దు, అది లోకమంతా చూస్తుందన్నాను. (నిజానికి ఆ మాట మా కోడలు చెప్పింది.) తర్వాత వీడియోలో ఏం చెప్పాలో ఇద్దరం రాశాం:

"స్కాన్ చేస్తే బ్యాంకులో ఉన్న నా పేరే కనబడాలి. వేరే పేరు వస్తే పిన్ కొట్టకండి. ఈ డబ్బు నా ప్రయాణాలకీ, పాడేవాళ్ల పారితోషికానికీ. ఇది నా ఆదాయం, పన్ను లెక్కలో చూపిస్తాను. మీకు 80జి మినహాయింపు రాదు. ఈ కోడ్‌తో ఒక్కసారే కడతారు. జాయిన్ నొక్కితే మాత్రం మీరు రద్దు చేసేదాకా ప్రతి నెలా పోతుంది. ఏమీ ఇవ్వకపోయినా వీడియోలన్నీ చూడొచ్చు."

"చివరి మాట చెబితే ఎవడిస్తాడు తాతయ్యా?" అన్నాడు. అది దాచి తీసుకుంటే, రేపు వీడియో ఊరికే దొరుకుతోందని తెలిసినవాడు నిన్ను తిట్టుకుంటాడు కదరా!

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి అక్కడి బ్యాంకు ఖాతాతో ఈ కోడ్ పనిచెయ్యదు. అలాంటివాళ్ల కోసం పేట్రియాన్‌లో పేజీ తెరిచాడు. కొత్తగా పేజీ తెరిచినవాళ్ల దగ్గర పేట్రియాన్ నూటికి 10 తీసుకుంటుంది, కార్డు చెల్లింపు ఖర్చు వేరే. ఐఫోన్ యాప్‌లో యాపిల్ ద్వారా కడితే యాపిల్ వాటా కూడా ఉంటుంది, కాబట్టి బ్రౌజర్‌లో చేరమని చెప్పించాను. సాయం చేసేవాడు ఏ దారిన వెళ్తే ఎంత చేరుతుందో వాడికి తెలియాలి కదా.

పేర్లు చదివే విషయంలో మాత్రం వాడు నా మాట వినలేదు. యూపీఐలో వచ్చిన పేరు అడక్కుండా చదవకూడదట, కొందరు "నా పేరు వద్దు" అని రాశారట. మా రోజుల్లో పేరు చదవకపోతే దాసుగారితో తగువు పెట్టుకునేవారు! ఏం కాలమో. సరే, మొత్తాలైనా చదవరా అంటే దానికి ఒప్పుకున్నాడు.

మొదటి నెల లెక్క చెప్పాడు: వచ్చింది 6,200, బస్సులకు 1,900, పాడినాయనకు 3,000, టీ టిఫిన్లకు 480, మిగిలిన 820 వచ్చే నెలకు. వెంటనే ఒక మహానుభావుడు, టీ టిఫిన్లకు అంతెందుకయిందని నిలదీశాడు. మనవడు నా మొహం చూశాడు. "పద్యం ఎత్తుకునేవాడికి గొంతు తడపకుండా పాడిస్తారా?" అని రాయమన్నాను. వాడు ఆ మాట రాయకుండా బిల్లు ఫొటో పెట్టాడు.