తెలుగులో వర్డల్ చేస్తున్నారా? ఈ అయిదూ తు.చ. తప్పకుండా పాటించండి

వర్డల్ ఆట అందరికీ తెలిసిందే. గళ్లలో ఓ పదం దాగి ఉంటుంది, ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, వేరే చోట ఉంటే పసుపు, అసలు లేకపోతే బూడిదరంగు. దీన్ని తెలుగులోకి దించడం చిటికెలో పని. ఈరోజు జవాబు ‘పుస్తకం’ అనుకుని మొదలుపెడదాం.

1. అక్షరాల లెక్క కంప్యూటర్‌కే వదిలేయండి

పుస్తకంలో ఎన్ని అక్షరాలని బడిపిల్లాణ్ణి అడిగితే ‘పు, స్త, కం’ అని వేళ్లు మడిచి మూడంటాడు. గళ్లనుడికట్టు కూర్చేవాళ్లూ ‘స్త’ను ఒకే గడిలో పెడతారు. వాళ్ల మాట వినకండి.

```
[..."పుస్తకం"].length   // 7
```

ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న: మొత్తం ఏడు. ఏడు గళ్లూ గీసేయండి. రెండో గడిలో కొమ్మూ నాలుగో గడిలో పొల్లూ చుక్కల వలయాలకు వేలాడుతూ కనిపిస్తే అదో అలంకారం అనుకోండి. ఎవరైనా ‘మస్తకం’ అని ఊహిస్తే నిజానికి చివరి రెండు అక్షరాలూ ఆకుపచ్చగా వెలగాలి. మీ లెక్కలో అది ఆరే కాబట్టి ‘అక్షరం తగ్గింది’ అని తిప్పి పంపండి.

`Intl.Segmenter` వాడమని ఎవరైనా పోరితే వాడండి, కానీ ఫలితం సరిచూడకండి. యూనికోడ్ పాత నియమం ప్రకారం అది పు, స్, త, కం అని నాలుగు ముక్కలు చేస్తుంది. 2023లో వచ్చిన 15.1 నియమం ‘స్త’ను కలిపే ఉంచుతుంది కనుక మూడే వస్తాయి. ఒకే పదానికి ఒక ఫోన్‌లో నాలుగు గళ్లు, ఇంకో ఫోన్‌లో మూడు గళ్లు! హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే ఒకటిగా కలిపే నాలుగు వరసల కోడ్ సొంతంగా రాసుకుంటే ఈ వైవిధ్యం పోతుంది.

2. సగం సరైనదానికి సున్నా మార్కులే

పొరపాటున మూడు గళ్లే గీశారనుకుందాం. ఒకరు ‘పుస్తెలు’ అన్నారు. పు సరే. రెండో గడిలో ‘స్తె’ పడింది, ఉండాల్సింది ‘స్త’. హల్లులు రెండూ సరిపోయాయి, తేడా ఎత్వం ఒక్కటే. దానికి ఇంకో రంగు కేటాయిస్తే ఆడేవాళ్లు గుణింతం మార్చి చూస్తారు, ఆట ముందుకు సాగుతుంది. అలా జరగనివ్వకండి. బూడిదరంగు పులిమేయండి. ఒక్కో హల్లుకు డజనుకు పైగా గుణింతాలు, వాటిమీద వత్తులు. ఆరు ప్రయత్నాల్లో ఎవరూ గట్టెక్కరు.

3. కీబోర్డు మీది కాదు, ఫోన్‌ది

హల్లు నొక్కగానే దాని గుణింతాలు పైన వరసగా కనిపించే సొంత కీబోర్డు చేయడం బోలెడు శ్రమ. ఫోన్‌లో ఉన్నదాన్నే తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో pusta కొట్టగానే అది ‘పుస్తకం’ అని సూచిస్తుంది, ఆట సులువైపోతుంది. సూచనను తాకితే పదం చివర ఖాళీ కూడా చేరవచ్చు. దాన్ని తీసేయకండి, ‘ఇలాంటి పదం లేదు’ అనండి. ఇక ‘స్’ పడీపడగానే తర్వాతి గడికి దూకించండి. కింద వత్తుగా చేరాల్సిన త పక్క గడిలో ఒంటరిగా నిలబడుతుంది.

4. పదాల జాబితా పాత నిఘంటువు నుంచే

పాత నిఘంటువుల్లో ‘పుస్తకము’ ఉంటుంది, ‘పుస్తకం’ దొరకదు. దాన్నే ప్రమాణంగా పెట్టుకుంటే మీ జవాబు మీ జాబితాలోనే ఉండదు. పైగా మూడక్షరాల పదం నాలుగక్షరాలదైపోతుంది. ‘పెళ్ళి’, ‘పెళ్లి’ రెండూ వాడుకలో ఉన్నాయి కదా, ఒకదాన్ని తప్పనండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్ కింద వ వత్తు పడకుండా కంటికి కనపడని U+200C గుర్తు ఒకటి దూరుతుంది. పోల్చేముందు దాన్ని తొలగించకపోతే చూపుకు ఒకేలా ఉన్న రెండు పదాలు వేరువేరని తేలతాయి, ఆడేవాళ్లకు జుట్టు పీక్కోవడమే మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: జవాబుల జాబితా, ఊహలను అంగీకరించే జాబితా ఒకటే ఉంచండి. వాటిని విడదీసి, జవాబులకు అందరికీ తెలిసిన కొన్ని వందల పదాలను చేత్తో ఏరి, ఊహలకు ‘పుస్తకాలు’ లాంటి రూపాలనూ రానిస్తే జనం రోజూ ఆడతారు.

5. పరీక్షకు సరైన పదాలు ఎంచుకోండి

కమల, పడవ, వలస. వీటిలో తలకట్టు తప్ప గుణింతం లేదు, వత్తు లేదు, సున్న లేదు. ఏ పద్ధతిలో లెక్కపెట్టినా మూడే వస్తుంది. అన్నీ పచ్చగా వెలిగాక వెంటనే విడుదల చేయండి. ‘స్త్రీ’ అని కొట్టి చూద్దామనే టెస్టర్‌తో మాత్రం ఆ రోజుకు సెలవు పెట్టించండి.